డైయూరెటిక్స్ చాప్టర్ మొత్తం ఒక్క ఏ4 కాగితం మీదకి: నర్సింగ్ క్లినికల్ పరీక్షకు చార్టు చేసుకునే పద్ధతి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో క్లినికల్ పరీక్షల ముందు వారం నర్సింగ్ పిల్లల సందడే ఎక్కువ. ఎప్పటి సీనియరో రాసుకున్న డ్రగ్ చార్టు ఒకటి చేతులు మారి మారి అక్కడికి చేరుతుంది. పది మంది పది కాపీలు తీయించుకుంటారు. మా బ్యాచ్‌లో నేనూ తీయించుకున్నాను. పద్నాలుగు పేజీలు, పైగా స్పైరల్ బైండింగ్. అందులో డైయూరెటిక్స్ పేజీ, అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందుల పేజీ, ఇలా మొదలయ్యేది: "అన్నిటికీ కామన్ సైడ్ ఎఫెక్ట్: పొటాషియం తగ్గడం". నేను దాన్నే బట్టీ పట్టాను.

పరీక్షలో నాకు పడిన పేషెంట్ కేస్ షీట్‌లో ఆల్డాక్టోన్ మాత్ర ఉంది, అదీ ఒక డైయూరెటిక్కే. ల్యాబ్ రిపోర్టులో పొటాషియం 5.8 ఉంది. ఎక్స్‌టర్నల్ మేడమ్ "ఈ మాత్ర ఇప్పుడు ఇస్తావా అమ్మా?" అన్నారు. "ఇస్తాను మేడమ్, పొటాషియం ఎక్కువుంది కదా, ఇది తగ్గిస్తుంది" అన్నాను. ఆవిడ నన్నేమీ అనలేదు. పక్కన నిలబడ్డ మా ట్యూటర్ వైపు చూశారు, అంతే. ఆల్డాక్టోన్ పొటాషియంని తగ్గించదు, పెంచుతుంది. 5.8 మీద అది వేస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

తప్పు చార్టుది అనుకున్నాను చాలా రోజులు. నిజానికి ఆ చార్టు దాన్ని రాసుకున్న మనిషికి బాగానే పనిచేసి ఉంటుంది. "అన్నిటికీ" అని రాసేటప్పుడు ఆల్డాక్టోన్ తప్ప అన్న సంగతి ఆమె బుర్రలో ఉంది, కాగితం మీద లేదు. నా బుర్రలో అదీ లేదు, కాగితం మీదా లేదు. అందుకే ఎవరి చార్టు వాళ్లే చేసుకోవాలి అంటాను. ఎలా చేసుకోవాలో అదే చాప్టర్‌తో చూపిస్తాను. మన జిల్లాలో ఉద్దానం కిడ్నీ జబ్బుల వల్ల, మెడికల్ వార్డుల్లో గుండె పేషెంట్ల వల్ల ఈ మందులు ఎదురవ్వని పరీక్ష తక్కువ.

ముందు పుస్తకాన్ని వెనక నుంచి చదవండి

ఫార్మకాలజీ పుస్తకంలో ప్రతి చాప్టర్ వరస దాదాపు ఒకటే. వర్గీకరణ, పనిచేసే విధానం, శరీరంలో ఎలా కలుస్తుంది ఎలా పోతుంది, ఉపయోగాలు, సైడ్ ఎఫెక్ట్స్, ఎవరికి ఇవ్వకూడదు, చివర్న నర్సు బాధ్యతలు. థియరీ పేపర్‌కి ఈ వరస సరిపోతుంది. మంచం పక్కన పరీక్ష ఈ వరసలో జరగదు. అక్కడ మేడమ్ కేస్ షీట్ మీద వేలు పెట్టి "ఇది ఇచ్చే ముందు ఏం చూస్తావు?" అని మొదలుపెడతారు. మందు ఏ వర్గం అన్నది వస్తే మూడో ప్రశ్నగానో నాలుగో ప్రశ్నగానో వస్తుంది.

అందుకని మొదటిసారి చదివేటప్పుడు చివరి భాగం, నర్సు బాధ్యతలతో మొదలుపెట్టండి. అక్కడ కనిపించిన ప్రతి పని ఎందుకో వెనక్కి వెళ్లి వెతుక్కోండి. ఉదాహరణకు "రోజూ బరువు చూడాలి" అని ఉంటుంది. ఎందుకు? ఒంట్లోంచి పోయిన నీరు ఎంతో బరువే చెబుతుంది కనుక. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు నీరు పోయినట్టు. "మందు పొద్దున్నే ఇవ్వాలి" అని ఉంటుంది. రాత్రి ఇస్తే ముసలివాళ్లు చీకట్లో బాత్రూమ్‌కి లేచి పడిపోతారు కనుక. ఇలా ఒక పనికి ఒక కారణం దొరికిందంటే ఆ జత చార్టులోకి వస్తుంది. కారణం దొరకని పని, పనికి దారితీయని సమాచారం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ పద్ధతిలో చదివితే ముప్పై పేజీల చాప్టర్‌లో మీరు పెన్సిల్‌తో గీత గీసేవి నాలుగైదు పేజీలకు మించవు.

రెండో జల్లెడ మందుల పేర్లది. పుస్తకంలో డైయూరెటిక్స్ కింద పదిహేను పేర్ల దాకా ఉండొచ్చు. మీ పోస్టింగుల డైరీ తీసి, మీ చేత్తో ఇచ్చినవి, ఎవరో ఇస్తుంటే చూసినవి టిక్ పెట్టండి. నాకు ఆరు మిగిలాయి: లాసిక్స్ (ఫ్యూరోసెమైడ్), టార్సెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్, ఆల్డాక్టోన్ (స్పైరోనోలాక్టోన్), మానిటాల్, డయమాక్స్ (ఎసిటజోలమైడ్). మిగతా తొమ్మిదీ థియరీకి చదువుకోండి, చార్టులో చోటు లేదు.

ఇక్కడొక చిన్న మాట. పాత పుస్తకాల్లో ఫ్యూరోసెమైడ్‌ని ఫ్రుసెమైడ్ అని రాసేవారు. రెండూ ఒకటే మందు. వేరు వేరు అనుకుని రెండు అడ్డు వరసలు రాసుకున్న పిల్లల్ని చూశాను. ఇంకో ఇబ్బంది కాంబినేషన్ మాత్రలతో. కేస్ షీట్‌లో లాసిలాక్టోన్ అని ఉంటే అందులో ఫ్యూరోసెమైడ్, స్పైరోనోలాక్టోన్ రెండూ ఉన్నాయి. డైటార్ ప్లస్ అంటే టార్సెమైడ్‌తో స్పైరోనోలాక్టోన్. బ్రాండ్ పేరు చూసి ఒక్క మందే అనుకుంటే సగం సమాధానం పోతుంది. ఈ రెండు పేర్లూ చార్టు అడుగున చిన్న అక్షరాలతో రాసుకోండి.

పనిచేసే విధానానికి గడి వద్దు, బొమ్మ వేయండి

ఏ4 కాగితం అడ్డంగా పెట్టుకుని పై ఎడమ మూలలో మూడు అంగుళాల చోటులో ఒక నెఫ్రాన్ గీయండి. అందంగా అక్కర్లేదు. ఒక గిన్నె, దాని కింద మెలికలు తిరిగిన గొట్టం, ఆ తర్వాత కిందికి దిగి పైకి లేచే హెన్లీ లూప్, మళ్లీ మెలికలు, చివర్న నిలువుగా దిగే కలెక్టింగ్ డక్ట్. మందు ఎక్కడ పనిచేస్తుందో అక్కడ దాని పేరు మొదటి అక్షరం రాయండి.

డయమాక్స్ మొదటి మెలికల దగ్గర. మానిటాల్ మొదటి మెలికల్లోనూ లూప్ దిగే భాగంలోనూ నీటిని పట్టి ఉంచుతుంది. లాసిక్స్, టార్సెమైడ్ లూప్ పైకి లేచే లావు భాగంలో. థయాజైడ్ రెండో మెలికల దగ్గర. ఆల్డాక్టోన్ చివర్న, కలెక్టింగ్ డక్ట్‌లో.

ఈ బొమ్మతో ఇంకో లాభం ఉంది. పొటాషియం ఎందుకు తగ్గుతుందో, ఎందుకు పెరుగుతుందో ఇందులోనే కనిపిస్తుంది. ముందు భాగంలో పనిచేసే మందు సోడియంని వెనక్కి వెళ్లనివ్వదు కాబట్టి కలెక్టింగ్ డక్ట్ దాకా సోడియం ఎక్కువగా వస్తుంది. అక్కడ శరీరం ఆ సోడియంలో కొంత వెనక్కి తీసుకుని, బదులుగా పొటాషియంని మూత్రంలోకి వదులుతుంది. దీనికి ఆల్డోస్టెరాన్ సాయం చేస్తుంది. అందుకే లాసిక్స్, థయాజైడ్, డయమాక్స్ పొటాషియంని పోగొడతాయి. ఆల్డాక్టోన్ ఆ మార్పిడి జరిగే చోటే ఆల్డోస్టెరాన్‌కి అడ్డం పడుతుంది, మార్పిడి ఆగుతుంది, పొటాషియం ఒంట్లోనే మిగిలిపోతుంది. ఇది ఒకసారి బొమ్మ మీద వేలు పెట్టి పైకి చెప్పుకున్నాక మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు. నాకు పరీక్షలో పోయిన మార్కులు ఈ మూడు అంగుళాల బొమ్మలో ఉన్నాయి.

గడులు ఎన్ని, ఏవి

మందు పేరు కాక నాలుగే గడులు: ఇచ్చే ముందు, ఇచ్చేటప్పుడు, ఇచ్చాక, పొటాషియం. "ఉపయోగాలు" అని ప్రత్యేక గడి పెట్టకండి. మందు పేరు కిందే రెండు మాటల్లో రాసేయొచ్చు. "సైడ్ ఎఫెక్ట్స్" అనే గడి అసలు వద్దు. అది పెడితే పుస్తకంలోని జాబితా మొత్తం దిగిపోతుంది, ఇరవై పేర్లుంటాయి, వాటితో ఏం చేయాలో ఒక్కదానికీ తెలియదు. ప్రతి సైడ్ ఎఫెక్ట్‌ని "ఇచ్చాక ఏం చూడాలి" అన్న గడిలో పనిగా మార్చి రాయాలి. "ఓటోటాక్సిసిటీ" అని రాయకండి, "చెవిలో హోరు ఉందా అని అడుగు" అని రాయండి. "హైపోటెన్షన్" బదులు "లేచి నిలబడినప్పుడు బీపీ, కళ్లు తిరగడం" అని రాయండి. మేడమ్ ఇంగ్లీషు పేరు అడిగితే అది మీకు ఎలాగూ వస్తుంది. పని గుర్తుండటమే కష్టం.

లాసిక్స్ అడ్డు వరస నేను ఎలా నింపానో దగ్గర నుంచి చూపిస్తాను.

మందు పేరు కింద: "గుండె నీరు, ఊపిరితిత్తుల నీరు, కిడ్నీ వాపు". మాత్ర 40 మి.గ్రా. ఇంజెక్షన్ 1 మి.లీ.లో 10 మి.గ్రా., 2 మి.లీ. ఆంప్యూల్ అంటే 20 మి.గ్రా. ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి: ఇంజెక్షన్‌కి ఎప్పుడూ మి.లీ.కి ఎంత అన్నదే ముందు రాయాలి, ఆంప్యూల్‌లో మొత్తం ఎంత అన్నది తర్వాత. 4 మి.లీ. ఆంప్యూల్ కూడా దొరుకుతుంది. ఆంప్యూల్ లెక్కనే గుర్తుపెట్టుకుంటే డోసు తారుమారు అవుతుంది.

ఇచ్చే ముందు గడిలో: బీపీ, పొటాషియం, సోడియం, క్రియాటినిన్, ఇవాళ్టి బరువు, సల్ఫా ఎలర్జీ ఉందా. పై బీపీ 90 కన్నా తక్కువుంటే ఆపి డాక్టరుకు చెప్పు. "ఆపు" అని మాత్రమే రాసుకుంటే అది తప్పు సమాధానం. మందు ఆపేయాలని నిర్ణయించేది నర్సు కాదు. ఇవ్వకుండా నిలిపి, చెప్పి, రాసి పెట్టడం నర్సు పని. ఆ మూడు మాటలూ గడిలో ఉండాలి.

ఇచ్చేటప్పుడు గడిలో: 20 నుంచి 40 మి.గ్రా. దాకా నెమ్మదిగా 1 నుంచి 2 నిమిషాల్లో. పెద్ద డోసు అయితే ఇన్‌ఫ్యూజన్‌లో, నిమిషానికి 4 మి.గ్రా. దాటకూడదు. వేగంగా తోస్తే చెవికి దెబ్బ. కొన్ని పుస్తకాలు ఏ డోసుకైనా ఈ 4 మి.గ్రా. హద్దే చెబుతాయి. మీ కాలేజీ పుస్తకంలో ఏది ఉందో అదే రాయండి, రెండూ రాస్తే మంచం పక్కన నోరు తడబడుతుంది. మందు రంగు పసుపు పచ్చగా మారి ఉంటే వాడకూడదు. యూరినల్ ముందే అందుబాటులో పెట్టాలి.

ఆ యూరినల్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ దాని వెనక లెక్క ఉంది. నరంలోకి ఇస్తే 5 నిమిషాల్లో పని మొదలవుతుంది, అరగంటకు పూర్తి జోరు మీద ఉంటుంది, 2 గంటల్లో తగ్గుతుంది. మాత్ర అయితే మొదలవ్వడానికి అరగంట నుంచి గంట, ప్రభావం 6 నుంచి 8 గంటలు. కాబట్టి రెండో డోసు సాయంత్రం నాలుగు లోపే.

ఇచ్చాక గడిలో: మూత్రం ఎంత వచ్చింది, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు, బరువు, కాళ్ల వాపు, ఆయాసం తగ్గిందా, చెవి హోరు, కాళ్ల నరాలు లాగడం, నీరసం. జెంటామైసిన్, అమికాసిన్ కూడా నడుస్తుంటే చెవికి రెట్టింపు జాగ్రత్త.

పొటాషియం గడిలో కిందికి బాణం, అంతే.

కామన్ పట్టీ, అక్కడే ఉన్న గొయ్యి

ఆరు మందులకూ ఇలాగే రాసుకుంటూ పోతే "బీపీ, బరువు, ఇన్‌టేక్ అవుట్‌పుట్" ఆరు సార్లు వస్తుంది. చోటు వృథా, కంటికీ విసుగు. అందుకని అన్నిటికీ వర్తించేవి పైన ఒకే పట్టీలో రాసి, కింద గడుల్లో ఆ మందుకే ప్రత్యేకమైనవి మాత్రం ఉంచాలి. కాగితం సగం ఖాళీ అవుతుంది, తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

నా సీనియర్ చార్టు దెబ్బ తీసింది కూడా సరిగ్గా ఈ పట్టీలోనే. అందుకని పట్టీలో ఒక విషయం రాసే ముందు ఆరు మందుల పేర్లూ ఒక్కొక్కటీ పైకి చదువుతూ "దీనికి నిజమేనా?" అని అడగాలి. ఒక్కదానికి కాదన్నా పట్టీలో పెట్టకూడదు, లేదా "తప్ప" అన్న మాటతో సహా రాయాలి. బీపీ, బరువు, ఇన్‌టేక్ అవుట్‌పుట్, సోడియం, పొటాషియం పరీక్షలు ఆరింటికీ నిజం, పట్టీలోకి వెళ్తాయి. పొటాషియం తగ్గుతుంది అన్నది నిజం కాదు, వెళ్లదు. సల్ఫా ఎలర్జీ అడగడం లాసిక్స్, టార్సెమైడ్, థయాజైడ్, డయమాక్స్ నాలుగింటికి నిజం, కాబట్టి "సల్ఫా ఎలర్జీ అడుగు: ఆల్డాక్టోన్, మానిటాల్ తప్ప". మూత్రం ఎక్కువ పోతుంది కాబట్టి పొద్దున్నే ఇవ్వడం మాత్రలకు నిజం. తల గాయం పేషెంట్‌కి అర్ధరాత్రి మానిటాల్ పెట్టాల్సి వస్తే పొద్దుటి దాకా ఆగరు కదా.

ఇదంతా అయ్యాక నా చార్టు మధ్య భాగం ఇలా వచ్చింది.

| మందు | ఇచ్చే ముందు | ఇచ్చేటప్పుడు | ఇచ్చాక | పొటాషియం |
|---|---|---|---|---|
| లాసిక్స్ | క్రియాటినిన్. డిగాక్సిన్, అమికాసిన్ నడుస్తున్నాయా | నెమ్మదిగా. యూరినల్ దగ్గర పెట్టు | చెవి హోరు, నరాలు లాగడం | ↓ |
| టార్సెమైడ్ | లాసిక్స్ లాగే | మాత్ర, రోజుకోసారి పొద్దున్న | లాసిక్స్ లాగే | ↓ |
| హైడ్రోక్లోరోథయాజైడ్ | షుగర్, గౌట్ ఉన్నాయా | మాత్ర, పొద్దున్న | ముసలివాళ్లలో మత్తు, తికమక: సోడియం చూడు | ↓ |
| ఆల్డాక్టోన్ | పొటాషియం, క్రియాటినిన్ చూడకుండా ఇవ్వకు | తిన్నాక | మగవాళ్లలో రొమ్ము వాపు. పని కనిపించడానికి 2, 3 రోజులు | ↑ |
| మానిటాల్ | మూత్రం వస్తోందా. ఊపిరితిత్తుల్లో నీరు ఉంటే వద్దు | సీసాలో స్ఫటికాలు చూడు. ఫిల్టర్ సెట్ | స్పృహ, కంటి పాపలు, ఆయాసం | ↑ లేదా ↓ |
| డయమాక్స్ | లివర్ జబ్బు ఉందా | మాత్ర 250 మి.గ్రా. | వేళ్ల చివర్లు తిమ్మిరి, వేగంగా ఊపిరి | ↓ |

మానిటాల్ గురించి రెండు ముక్కలు. 20 శాతం సీసా 100 మి.లీ. అంటే అందులో 20 గ్రాముల మందు. చలికి అది గడ్డకట్టి చక్కెర పలుకుల్లా స్ఫటికాలు కడుతుంది. సీసా వెలుతురుకు ఎత్తి చూడాలి, ఉంటే గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించి, మామూలు వేడికి వచ్చాకే వాడాలి. కరగకపోతే పారేయాలి. సీసా ఎత్తి చూపిస్తూ చెప్పారంటే ఎగ్జామినర్‌కి మీరు ఈ పని చేశారని తెలిసిపోతుంది.

కాల్షియం దగ్గర లాసిక్స్, థయాజైడ్ రెండూ వ్యతిరేకం. ఒకటి మూత్రంలోకి పోగొడుతుంది, రెండోది ఒంట్లో ఆపుతుంది. దీనికి నేను "లూప్ లాగేస్తుంది, థయాజైడ్ దాచేస్తుంది" అని రాసుకున్నాను. గడి పెట్టేంత పని కాదు, చార్టు అంచున ఒక్క గీతలో ఉంటే చాలు.

అంకెలు రాయడంలో

అంకె పక్కన యూనిట్ లేకుండా ఒక్కటి కూడా రాయకండి. 0.25 రాయాలి, ముందు సున్నా లేకుండా .25 అని రాస్తే చుక్క కనిపించక 25 అవుతుంది. 5 రాయాలి, 5.0 రాస్తే 50 అవుతుంది. పొటాషియం మామూలు హద్దు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్లు, లీటరుకి. ఇది పై పట్టీలో ఎర్ర పెన్నుతో. చార్టు మొత్తంలో ఎరుపు ఈ ఒక్కచోటా, బాణాల గడిలోనూ తప్ప వాడకండి. నా మొదటి ప్రయత్నంలో ఐదు రంగుల హైలైటర్లు వాడాను, చివరికి ఏ రంగు దేనికో చెప్పడానికి ఇంకో చార్టు కావాల్సి వచ్చింది.

చిన్న పిల్లల డోసులు ఇందులో వేయకండి. అవి బరువు లెక్కన ఉంటాయి, పీడియాట్రిక్స్‌కి వేరే కాగితం. పెద్దల డోసు పక్కన వాటిని రాస్తే టెన్షన్‌లో ఒకటి బదులు ఒకటి నోట్లోకి వచ్చేస్తుంది.

ఒక పేషెంట్ మీద పెట్టి చూద్దాం

చార్టు పూర్తయ్యాక దాన్ని చదవడం ఆపేయండి. కేస్ షీట్ మీద వాడి చూడండి. హాస్టల్‌లో ఒక జూనియర్‌ని ఎగ్జామినర్‌గా కూర్చోబెట్టుకుంటే చాలు. మేం చేసిన కేసు ఇది, ఊహించి రాసుకున్నదే.

మగవాళ్ల మెడికల్ వార్డు, 64 ఏళ్ల తాత, గుండె ఫెయిల్యూర్, కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం. బరువు 58 కిలోలు, బీపీ 104/70, పల్స్ 66, పొటాషియం 3.1. మందులు: ఇంజెక్షన్ లాసిక్స్ 40 మి.గ్రా. నరంలోకి రోజుకు రెండుసార్లు, మాత్ర డిగాక్సిన్ 0.25 మి.గ్రా. రోజుకోసారి.

జూనియర్ అడిగింది, "అప్పా, లాసిక్స్ ఇచ్చీమంటావా?"

చార్టులో చూపు ముందు "ఇచ్చే ముందు" గడికి వెళ్లాలి. బీపీ పర్వాలేదు. పొటాషియం 3.1, హద్దు కన్నా తక్కువ. లాసిక్స్ బాణం కిందికే ఉంది, అంటే ఇంకా తగ్గుతుంది. అదే గడిలో డిగాక్సిన్ పేరు ఉంది. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషం తొందరగా తలకెక్కుతుంది. కాబట్టి సమాధానం: "డోసు ఇవ్వకముందే పొటాషియం 3.1 ఉందని, డిగాక్సిన్ కూడా నడుస్తోందని డ్యూటీ డాక్టరుకు చెప్తాను. తాత గుండె దగ్గర స్టెత్ పెట్టి పల్స్ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడతాను, 60 కన్నా తక్కువుంటే డిగాక్సిన్ ఇవ్వకుండా చెప్తాను. వాంతి వస్తోందా, చూపు పసుపుగా ఉందా అడుగుతాను." తాతకి ఆయాసం ఉంది కాబట్టి డాక్టరు లాసిక్స్ ఇమ్మనే అవకాశం ఎక్కువ, పొటాషియం కూడా మొదలుపెట్టి. ఆ నిర్ణయం ఆయనది.

అక్కడితో ఆగరు. "సరే, పొటాషియం క్లోరైడ్ ఇంజెక్షన్ రాశారు. ఎలా ఇస్తావు?" అని వస్తుంది. దీనికి డైయూరెటిక్స్ చాప్టర్‌లో సమాధానం లేదు, కానీ దాదాపు ప్రతిసారీ అడుగుతారు. చార్టు కింది అంచున పెట్టెగీసి ఒక్క వాక్యం రాసుకోండి: పొటాషియం క్లోరైడ్ ఎప్పుడూ నేరుగా నరంలోకి తోయకూడదు, సెలైన్‌లో కలిపి, బాగా తిప్పి, నెమ్మదిగా ఎక్కించాలి, మూత్రం వస్తోందని చూశాకే. నేరుగా తోస్తే గుండె ఆగుతుంది.

తర్వాత లెక్క. 40 మి.గ్రా. కావాలి, 1 మి.లీ.లో 10 మి.గ్రా. ఉంది, 40 ని 10 తో భాగిస్తే 4 మి.లీ. అంటే 2 మి.లీ. ఆంప్యూల్‌లు రెండు. లెక్క నోటితో చెప్పినా సరే, ఆంప్యూల్ లేబుల్ చదివాకే సిరంజి పట్టుకోవాలి. జూనియర్ ఇక్కడ నన్ను పట్టుకుంది. నేను లేబుల్ ఊసు ఎత్తకుండా "రెండు ఆంప్యూల్‌లు" అనేశాను. చార్టులో "ఇచ్చేటప్పుడు" గడి మొదట్లో "లేబుల్" అన్న మాట ఆ రోజే చేరింది.

మర్నాడు బరువు 57 వచ్చిందనుకోండి. ఒక లీటరు దాకా నీరు పోయిందన్నమాట, దాన్ని మూత్రం లెక్కతో సరిచూడాలి. బరువు అదే త్రాసు మీద, అదే వేళకి, మూత్రానికి వెళ్లాక, టిఫిన్‌కి ముందు చూడాలి. లేకపోతే ఆ కిలో నీరు కాదు, ఇడ్లీ.

కొబ్బరినీళ్ల ప్రశ్న

ఇంటికి పంపేటప్పుడు ఏం చెప్తావు అని చివర్న అడుగుతారు. చార్టులో దీనికి గడి లేదు. ఉండక్కర్లేదు, పొటాషియం బాణమే సమాధానం. దానికి మన ఊళ్ల ఉదాహరణ పెట్టుకుంటే మర్చిపోరు.

వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట వైపు ఏ ఇంట్లోనైనా నీరసంగా ఉందంటే ముందు కొబ్బరిబొండం కొడతారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. ఒక్క లాసిక్స్ మీదే ఉండి, కిడ్నీలు బాగున్న పేషెంట్‌కి, నీళ్లు ఇంతే తాగాలని డాక్టరు పెట్టిన హద్దు లోపల, అది తప్పు కాదు. అరటిపండు కూడా అంతే. అదే ఉద్దానం కిడ్నీ పేషెంట్, క్రియాటినిన్ 4, పొటాషియం 5.7, పైగా ఎక్కడో ప్రైవేటులో రాసిచ్చిన ఆల్డాక్టోన్ ఇంకా వేసుకుంటున్నాడు అనుకోండి. కిడ్నీ పొటాషియంని బయటికి పంపలేకపోతోంది, ఆల్డాక్టోన్ దాన్ని ఇంకా ఆపుతోంది, బొండం పైనుంచి పోస్తోంది. మూడు బాణాలూ పైకే. ఈ పేషెంట్‌కి మాత్ర ఇవ్వకుండా డాక్టరుకు చెప్పాలి, ఇంటి నుంచి తెచ్చుకున్న మందుల కవరు విప్పి చూడాలి, బొండాలు వద్దని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పాలి. ఉప్పు తక్కువ తినమని చెబితే కొందరు బజార్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొంటారు. అందులో సోడియం బదులు ఉండేది పొటాషియమే. అదీ వద్దు.

ఉప్పు తగ్గించమనే మాట కూడా "ఉప్పు తగ్గించండి తాతా" అంటే పని జరగదు. ఎండుచేపలు, ఊరగాయ, అప్పడాలు అని పేరు పెట్టి చెప్పాలి. కూరలో ఉప్పు మానేసి పక్కన ఎండుచేప నంజుకునేవాళ్లు మన తీరంలో చాలామంది.

పరీక్ష ముందు రోజు

మంచం దగ్గరికి ఈ కాగితం తీసుకెళ్లనివ్వరు, ఆ సంగతి మొదటి నుంచీ గుర్తుంచుకునే చేసుకోవాలి. ముందు రోజు రాత్రి ఖాళీ ఏ4 తీసుకుని, చూడకుండా మొత్తం గీయండి. ముందు నెఫ్రాన్, తర్వాత పట్టీ, తర్వాత బాణాల గడి, చివర్న మిగతావి. నాకు మొదటిసారి ముప్పావుగంట పట్టింది, మూడోసారికి పన్నెండు నిమిషాలు. కలం ఎక్కడ ఆగిందో అక్కడ మాత్రం పుస్తకం తెరవండి. మొత్తం మళ్లీ చదవకండి.

గీశాక అసలు చార్టు పక్కన పెట్టి ఒక్క బాణాల గడినే పోల్చండి. మిగతా ఏ గడిలో ఒక మాట తప్పినా మార్కు పోతుంది. బాణం తలకిందులైతే, డ్యూటీలో చేరాక, మనిషే పోవచ్చు. నేను ఇప్పటికీ ఆల్డాక్టోన్ మాత్ర చేతిలోకి తీసుకునే ముందు రిపోర్టులో పొటాషియం అంకె మీద వేలు పెడతాను.